చెట్టు పీకే జ్వరానికి బడ్జెట్

మా ఫ్యాక్టరీలో ఏటా ఒక జబ్బు వచ్చేది. చేలో వేరుశనగ ఆకు పసుపు తిరిగి, చెట్టు లాగితే కాయ తెగకుండా వచ్చేంత పదును నేలలో ఉన్న రోజుల్లో మొదలయ్యేది. పొలం లేనివాళ్లకు సోకేది కాదు. ఎకరాలను బట్టి ముదిరేది. రెండెకరాలవాడు నాలుగు రోజుల్లో లేచి తిరిగేవాడు, ఆరెకరాలవాడు పది పన్నెండు రోజులు మంచం దిగేవాడు కాదు. అంటే చేను వదిలేవాడు కాదు. సెలవు చీటీ మీద మాత్రం అందరూ ఒకే మాట రాసేవారు: జ్వరం.

ఆ చీటీలు అందుకునే టేబుల్ వెనక నేను కూర్చునేవాణ్ణి. అనంతపురం నుంచి పామిడి పోయే దారిలో, వేరుశనగ కాయ వలిచి, గింజ ఏరి, వేయించి, ప్యాకెట్లు కట్టే ఫ్యాక్టరీ అది. నా ఉద్యోగానికి పెద్ద పేరే ఉండేది కానీ, పని చెప్పుకుంటే చిన్నది. ఏ షిఫ్టులో ఎవరున్నారు, ఎవరు ఎన్ని గంటలు ఎక్కువ చేశారు, దానికి ఎంత ఇవ్వాలి, ప్రావిడెంట్ ఫండ్‌కీ ఈఎస్‌ఐకీ ఎంత కట్టాలి. వచ్చే సీజన్‌కు ఇవన్నీ ఎంతవుతాయో ముందుగానే ఊహించి రాస్తే దాన్ని బడ్జెట్ అనేవారు. మా జిల్లాలో వానను ఊహించినవాడు బతికి బట్టకట్టలేదు. నేను దాని మీద ఆధారపడిన ఓవర్‌టైమ్‌ను ఊహించేవాణ్ణి. జీతం ఇచ్చేవారు కాబట్టి.

నేను చెప్పబోయే సీజన్ ఈ మధ్యదే. కొత్త లేబర్ కోడ్‌ల మాట అప్పటికింకా మా గేటు దాటి లోపలికి రాలేదు. పాత చట్టాలతోనే కుస్తీ పడుతున్నాం.

ఆ ఏడు సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం అక్క వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది. అక్క అంటే కాంట్రాక్టు మీద గింజ ఏరడానికి వచ్చే ముప్పైమంది ఆడవాళ్లకు పెద్ద. కాంట్రాక్టర్ అనే మనిషి వేరే ఉన్నాడు. లైసెన్స్ అతనిది, బిల్లు అతనిది, టౌన్‌లో ఆఫీసు అతనిది. మనుషులు మాత్రం అక్క మాట మీద వచ్చేవారు. పామిడి పక్క పల్లెల నుంచి ఫ్యాక్టరీ బస్సులో పొద్దున్నే దిగి, బెల్టుకు అటూ ఇటూ కూర్చుని, మిషన్ వదిలేసిన బూజు గింజా, మచ్చ గింజా ఏరేసేవారు. పంట ఎక్కువగా వచ్చే ఆర్నెల్లూ పని, తర్వాత ఇళ్లకు. అది ఎన్నో ఏళ్లుగా జరుగుతున్నదే.

"ఏమప్పా, ఈతూరి మమ్మల్ని ఎప్పుడు పిలుస్తారు?" అంది.

"అక్కా, ఇంకా పైనుంచి బడ్జెట్ రాలేదు."

"పైనుంచి వాన రాలేదంటే నమ్ముతా. బడ్జెట్ యాడుంటాది పైన?"

"బెంగళూరులో."

"అయితే వచ్చినట్లే," అని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె కూర్చుందంటే సంగతి ఇంకా ఉందని అర్థం.

ఉంది. ఆమె భర్తకు గుండె జబ్బు. నెలనెలా మాత్రలు ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో తీసుకుంటారు. పోయిన ఏడు గుండెకు స్టెంట్ వేయించింది కూడా ఆ కార్డు మీదే. ఆ కార్డు అక్కది. అక్టోబరు నుంచి మార్చి దాకా ఆమె కూలి మీద చందా పడితే, దాని ఫలం వచ్చే జూలై నుంచి డిసెంబరు దాకా దక్కుతుంది. చందా ఊరికే పడితే చాలదు, ఆ ఆర్నెల్లలో చట్టం అడిగినన్ని రోజులు పనిలో ఉండాలి. ఉండకపోతే జూలైలో డిస్పెన్సరీ కిటికీ దగ్గర ఆమె పేరు కొడితే కంప్యూటర్ మౌనంగా ఉంటుంది.

"చేన్ల కూలి ఇంతకంటే ఎక్కువే వస్తాది," అంది అక్క. "చెట్టు పీకేకాలంలో దుడ్లు చేతిలో పెడ్తారు. గానీ చేను గల రెడ్డి గుండె మాత్రలియ్యడు గదా. మాకు ఫ్యాక్టరీ పని గావల్ల. తెలుసుకోని చెప్పు, దాచొద్దు."

దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. అదే మొదటి ఇబ్బంది.

వారం తిరక్కుండా పైనుంచి బడ్జెట్ వచ్చింది. బెంగళూరు ఆఫీసులో ఖర్చులు చూసే మేడమ్ ఫోన్‌లో మాట్లాడారు. మా మేనేజర్ సారు గదిలో స్పీకర్ పెట్టి ఇద్దరం విన్నాం. మేడమ్ చెడ్డ మనిషి కాదు. తెలివైన మనిషి. ఎక్సెల్ షీట్ చూసి ఊరు చూసినంత ధైర్యంగా మాట్లాడేవారు, అంతే.

"సర్, ఈ సీజన్ కాంట్రాక్ట్ లేబర్ వద్దు. ఏరడం పని మన పర్మినెంట్ వాళ్లతోనే ఓవర్‌టైమ్ చేయిద్దాం. లెక్క వేశాను, చవగ్గా వస్తోంది. ఓవర్‌టైమ్ మీద పీఎఫ్ కూడా ఉండదు."

సారు నా వైపు చూశారు. నేను షీట్ వైపు చూశాను.

మా పర్మినెంట్ మనిషికి గంటకు వంద పడుతుందనుకుంటే, ఓవర్‌టైమ్ గంటకు రెండు వందలు ఇవ్వాలి. మేడమ్ షీట్‌లో ఆ వంద కాస్తా యాభైకి తగ్గింది. ఆమె బేసిక్ జీతాన్ని మాత్రమే రెట్టింపు చేశారు. చట్టం బేసిక్‌ను కాదు, అలవెన్సులు కలిపిన మామూలు రేటును రెట్టింపు చేయమంటుంది. పీఎఫ్ ఉండదన్నది నిజమే. ఈఎస్‌ఐ ఉంటుంది, యజమాని వాటా నూటికి మూడుంపావు. ఆ గడి షీట్‌లో ఖాళీ. అటు కాంట్రాక్టు ఆడమనిషికి గంటకు అరవై కూలి అయితే, దాని మీద పీఎఫ్‌కు నూటికి పదమూడు, ఈఎస్‌ఐ, బోనస్, సెలవు జీతం, కాంట్రాక్టర్ కమీషన్ అన్నీ వేసినా ఎనభై చిల్లర దాటదు. మేడమ్ దాని మీద జీఎస్టీ కూడా ఖర్చు కింద వేసి, బస్సు వేసి, చేతి గ్లౌజులూ టీ కూడా వేసి నూట పదిహేను చేశారు. ఆ జీఎస్టీ మళ్లీ మన పన్నులో సర్దుకోవచ్చన్నది ఆమెకే నాకంటే బాగా తెలుసు. ఆ రోజు ఎందుకో గుర్తు రాలేదు.

అంటే ఓవర్‌టైమ్ వంద, కాంట్రాక్టు నూట పదిహేను అనుకున్న చోట, నిజానికి ఓవర్‌టైమ్ రెండు వందల ఆరున్నర, కాంట్రాక్టు ఎనభై చిల్లర.

"మేడమ్, చిన్న సందేహం," అన్నాను. చెప్పాను.

"మెయిల్ పెట్టండి, చూస్తాను," అన్నారు.

"ఇంకొకటి మేడమ్. మా ప్లాంట్‌లో ఏటా కొన్నాళ్లు హాజరు తగ్గుతుంది, ఈ ఏడు అది నవంబరులో. గైర్హాజరుకు మీరు ఏడాది సగటు వేశారు. ఆ రెండు మూడు వారాలు సగానికి సగం మంది రారు."

"ఎందుకు రారు?"

"జ్వరం."

"ప్రతి ఏడాదీనా? హెల్త్ డిపార్ట్‌మెంట్‌కు చెప్పారా? దోమలేమైనా..."

మా సారు నవ్వు ఆపుకోవడానికి నీళ్ల గ్లాసు ఎత్తుకున్నారు. ఆయనకు ఈ జ్వరం సంగతి నాకంటే బాగా తెలుసు. పామిడి పక్కనే ఆయనకు పదిహేనెకరాలు, ఆయన అన్న ఊళ్లో పెద్దమనిషి. ఆ జ్వరం సారుకూ వచ్చేది. ఆయన పెద్ద ఉద్యోగి కాబట్టి చీటీ బదులు మెయిల్ పెట్టేవారు.

ఫోన్ పెట్టేశాక, "సార్, ఇది కుదరదు, మీరు ఒక మాట గట్టిగా చెప్పండి," అన్నాను.

"చెప్తే ఏమయితాదప్పా? ఖర్చు తగ్గియ్యమని పోయిన మీటింగ్‌లోనే నా పేరు పెట్టి అన్న్యారు. మెయిల్ పెట్టు. వాళ్లే తెలుసుకుంటారు."

మెయిల్ పెట్టాను. రెండు పేరాలు, ఒక పట్టిక. జవాబు వచ్చింది, ఒకే మాట: "నోటెడ్." ఆఫీసు భాషలో దాని అర్థం, నీ గొంతు వినబడింది, తలుపు వేసుకుంటున్నాం అని.

అక్కకు చెప్పాలి. చెప్పాను.

"వద్దన్న్యారా, ఇంకా చెప్పలేదా? రెండింటికీ తేడా ఉండాది."

"వద్దన్నారు. కాని మార్చొచ్చు."

"ఎప్పుడు మారుస్తారు?"

"తెలీదక్కా."

"నా చుట్టూ ముప్పై ఇండ్లు ఉండాయప్పా. నువ్వు తెలీదంటే వాళ్లు పొయ్యి మీద ఏం పెట్టల్ల? గుత్తకు అడుగుతాండారు రైతులు. ఒప్పుకున్న్యానంటే మళ్లీ మధ్యలో నువ్వు పిల్చినా రాను. అది గూడా తెలుసు గదా నీకు?"

తెలుసు. మా సొంతూరు కంబదూరు వైపు కూడా ఇదే పద్ధతి. గుత్త అంటే ఎకరానికి ఇంతని మొత్తంగా మాట్లాడుకుని, చేను మొత్తం పీకి, ఎండబెట్టి, పెద్ద కుప్పగా వామి వేసేదాకా ఆ గుంపు బాధ్యత. మధ్యలో వదిలి ఇంకో చోటుకు పోయిన గుంపును మళ్లీ ఎవరూ పిలవరు. పీకిన చెట్టు మీద ఒక్క వాన పడినా కాయ నల్లబడుతుంది, కాయ రాల్చాక మిగిలే కట్టె పశువుల మేతకు కూడా పనికిరాదు. అందుకే అక్కడ మాటకు ఉన్న విలువ మా కాంట్రాక్టర్ అగ్రిమెంట్‌కు లేదు. అగ్రిమెంట్‌కు స్టాంపు పేపర్ కావాలి.

"పది రోజులు చూడక్కా," అన్నాను.

చూసింది. ఇంకో వారం కూడా చూసింది. బెంగళూరు ఇంకా నోట్ చేసుకుంటూనే ఉంది. ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చి విత్తనం కూడా ఆలస్యంగా పడింది. మా చుట్టుపక్కల చెట్టు పీకేది ఎప్పుడూ ఉండేదానికంటే నెల వెనక్కి జరిగింది. "పంట లేటు, కాబట్టి సీజన్ లేటు" అని మా సారు నిమ్మళంగా ఉన్నారు. అనంతపురంలో అందరూ అలాగే ఉన్నారు. కొనుగోలు విభాగం మాత్రం అనంతపురంలో లేదు. వాన ముందుగా పడిన కర్ణాటక వైపు నుంచి వాళ్లు కాయ కొనేశారు.

నవంబరు మూడో వారంలో లారీలు వచ్చాయి. చెట్టు పీకడం కూడా అదే వారంలో మొదలైంది. జ్వరం కూడా.

సోమవారం పొద్దున నా టేబుల్ మీద పద్నాలుగు చీటీలు. మంగళవారం ఇంకో తొమ్మిది. ఒకాయన చీటీ మీద "జ్వరము, ఒళ్లు నొప్పులు, రెండెకరాలు" అని రాసి, చివరి మాట కొట్టేశాడు. కొట్టేసినా చదవడానికి వీలుగానే ఉంది. అరవైమంది పర్మినెంట్ వాళ్లలో ముప్పై ఏడుమంది మిగిలారు. మూడు షిఫ్టులను రెండుగా చేశాం. ఉన్నవాళ్లను రోజుకు చట్టం ఒప్పుకున్నంత మేరకు ఆపి, వలిచే మిషన్ నడిపించాం. ఏరే బెల్టు ముందు మగవాళ్లను కూర్చోబెట్టాం.

ఆ దృశ్యం చూడాలి. రోజుకు ఇరవై బస్తాలు భుజాన మోసే మనిషి, గోరంత గింజను చూసి కళ్లు చిట్లించుకుంటాడు. "అన్నా, ఇది మచ్చనా, తోలా?" అని పక్కవాణ్ణి అడుగుతాడు. పక్కవాడు దాన్ని నోట్లో వేసుకుని "మంచిదే" అంటాడు. ఆ లెక్కన గంటకు కిలోలు ఎన్ని వెళ్లాయో చెప్పలేను, నోళ్లలోకి ఎన్ని వెళ్లాయో మాత్రం చెప్పగలను. క్వాలిటీ వాళ్లు మూడు బ్యాచ్‌లు వెనక్కి పంపారు. గేటు బయట లారీల వరస పెద్దదైంది. డ్రైవర్లు లారీల కింద వండుకోవడం మొదలుపెట్టారు. లారీ నిలబడిన ప్రతిరోజుకూ కిరాయి పడుతుంది, అది బడ్జెట్‌లో అసలు లేదు.

సీజన్ మొత్తానికి ఇచ్చిన ఓవర్‌టైమ్ సొమ్ము పది రోజుల్లో అయిపోయింది. ఆశ్చర్యం ఏమీ లేదు, యాభైకి రెట్టింపు రాసుకుని వందకు రెట్టింపు ఇస్తే అంతే. పైగా మూడు నెలలకు ఒక మనిషి ఇన్ని గంటలే ఎక్కువ చేయాలని చట్టం పెట్టిన హద్దు ఉంది. జ్వరం లేనివాళ్లంతా, అంటే పొలం లేనివాళ్లంతా, ఆ హద్దుకు దగ్గరపడ్డారు. వాళ్లను ఇంకా ఆపాలంటే డబ్బు ఉన్నా కుదరదు. ఆ మధ్యలోనే కంబదూరు నుంచి మా నాయన ఫోన్ చేశాడు.

"మనది గూడా పీకల్ల. ఎప్పుడొస్తావు?"

"ఫ్యాక్టరీలో పని ఉండాది నాయనా. మనుషులు లేరు."

"అందరూ చేన్లల్లో ఉండారు. నువ్వొక్కనివే ఆడ కూచోని ఏం పీకుతాండావు?"



ఇక అక్కను పిలవడం తప్ప దారి లేదని సారుకు చెబుదామని ఆయన గదికి పోయాను. గది ఖాళీ. మెయిల్ ఉంది: "స్వల్ప అనారోగ్యం. మూడు రోజులు సెలవు." అక్కకే నేరుగా ఫోన్ చేశాను. వెనకనుంచి ఆడవాళ్ల కేకలు, నవ్వులు, ఎండిన చెట్ల గలగల వినిపిస్తున్నాయి.

"అక్కా, ఏ చేన్లో ఉండారు?"

"మీ సారు చేన్లో."

"ఎవరి చేన్లో?"

"మీ మేనేజర్ సారు చేన్లోనప్పా. ఆయనే వచ్చి గుత్తకు మాట్లాడుకున్న్యాడు. 'ఎట్లా ఫ్యాక్టరీ మిమ్మల్ని వద్దన్న్యాది గదా, ఖాళీగా ఉండారు గదా' అన్న్యాడు. పదిహేనెకరాలు. సగం అయిపోయినాది."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఫ్యాక్టరీ వద్దన్న ముప్పైమందినీ ఫ్యాక్టరీ మేనేజరే పట్టుకుపోయాడు. ఇందులో మోసం ఏమీ లేదు. ఆయన కూలి ఇస్తున్నాడు, ఎవరి రేటుకు తక్కువ కాకుండా. మనిషి మంచివాడే. బడ్జెట్‌లో వాళ్లు లేరు కాబట్టి ప్రపంచంలో ఎక్కడైనా ఉండొచ్చని ఆయన అనుకున్నాడు. మా జిల్లాలో రైతు కాని ఆఫీసరుకు ఈ తప్పు చేతకాదు.

మరుసటి రోజు పదకొండు గంటలకు గేటు దగ్గర తెల్ల కారు ఆగింది. మేడమ్. లారీ కిరాయిల బిల్లు చూసి తనే బయలుదేరి వచ్చారు. కారు దిగి, లారీల వరస చూసి, లారీ కింద ఉడుకుతున్న అన్నం చూసి, లోపలికి వచ్చి బెల్టు ముందు కూర్చున్న నలుగురు మగవాళ్లను చూశారు. వాళ్లలో ఒకడు నమలడం ఆపాడు.

"మిగతావాళ్లు ఎక్కడ?"

"జ్వరం మేడమ్."

ఈసారి ఆమె దోమల గురించి అడగలేదు. నా టేబుల్ ముందు కూర్చుని, "మీ మెయిల్ మళ్లీ తెరవండి," అన్నారు. తెరిచాను. చదివారు. గడులు ఒక్కొక్కటే సరిచేశారు, తప్పు బయటపడినందుకు మొహం మాడ్చుకోకుండా. ఆ సంగతి నాకు నచ్చింది, అప్పుడు చెప్పలేదు, ఉద్యోగి అలా చెబితే ఇంక్రిమెంట్ కోసం అనుకుంటారు.

"కాంట్రాక్ట్ వాళ్లను తీసుకుందాం. ఎప్పటిదాకా? జనవరి దాకా?"

ఇక్కడ నేను తొందరపడకుండా చెప్పాల్సిన సంగతి ఉంది. "మేడమ్, ఇప్పుడు వచ్చింది కర్ణాటక కాయ. మన జిల్లా కాయ ఇంకా చేన్లోనే ఉంది. పీకి, ఎండి, వామి నుంచి కాయ రాల్చి మన గేటుకు వచ్చేసరికి జనవరి. అసలు లారీలు ఫిబ్రవరి, మార్చిలో. ఈ ఏడు సీజన్ ఒకటి కాదు, రెండు. జనవరిలో వాళ్లను పంపిస్తే ఫిబ్రవరిలో మళ్లీ ఈ మగవాళ్లు గింజలు తింటారు."

ఆమె బెల్టు వైపు చూశారు. "మార్చి ఆఖరు దాకా వేయండి. రేపు, డిసెంబరు ఒకటి నుంచి. మేనేజర్ గారి సంతకం కావాలి, మనుషులు కావాలన్న ఇండెంట్ ఆయన పెట్టాలి. ఆయన ఎక్కడ?"

"స్వల్ప అనారోగ్యం."

"ఇల్లు ఎక్కడ? పోయి పలకరిద్దాం, సంతకం తీసుకుందాం."

అబద్ధం చెప్పొచ్చు. కాని ఆయన ఇంటికి తీసుకుపోతే ఇంట్లోవాళ్లు చేనికి పొమ్మంటారు. ఎలాగూ చేనికే పోవాలి, డీజిల్ ఎందుకు దండగ. "రండి మేడమ్, దగ్గరే," అన్నాను.

పెన్న వైపు మట్టిదారిలో కారు మెల్లగా పోయింది. ఎర్రమట్టి చేలు, మధ్యలో కుప్పలు కుప్పలుగా పీకిన చెట్లు, వేళ్లకున్న కాయలు పైకి తిప్పి ఆరేసినవి. సారు తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి తువ్వాలు తీశారు. మళ్లీ ఎందుకో చుట్టుకున్నారు. చేనులో వరసగా వంగి చెట్టు లాగుతున్న ముప్పైమంది నడుములు ఎత్తి చూశారు. వాళ్ల వెనక మా పర్మినెంట్ వాళ్లు ముగ్గురు వామి వేస్తున్నారు. సొంత చేను అయిపోయాక కూలికి వచ్చినట్టున్నారు. నన్ను చూసి ఒకడు నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు, జ్వరం చూసుకుంటున్నట్టు.

మేడమ్ నెమ్మదిగా అందరినీ చూశారు.

"సర్, ఒంట్లో ఎలా ఉంది?"

"తగ్గినాది మేడమ్," అన్నారు సారు. "ఇంగ రెండు రోజుల్లో పూర్తిగా తగ్గిపోతాది. ఏడెకరాలే ఉండాది."

నేను నవ్వలేదు. నవ్వితే ఉద్యోగం, నవ్వకపోతే ఊపిరి, ఏదో ఒకటి పోయేలా ఉంది. మేడమే ముందు నవ్వారు. ఆ తర్వాత చేనులో ఎవరూ ఆపుకోలేదు.

అక్క చేతులు దులుపుకుంటూ వచ్చింది. మేడమ్ ఆమెతో మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, మిమ్మల్ని తీసుకుందామనుకుంటున్నాం. రేపటి నుంచి రాగలరా? లారీలు ఆగి ఉన్నాయి."

"రేపటికి రామమ్మా. గుత్త ఉండాది. ఈయప్ప చేను వామి వేసిందాకా ఈడే."

సారు నోరు తెరిచారు. వెళ్లమనాలా? పీకిన చెట్టు నేల మీద ఉంది, పడమట మబ్బు కూడా కనిపిస్తోంది. వద్దనాలా? లారీలు గేటు దగ్గర ఉన్నాయి. ఆయన తనలో రైతు మాట్లాడాలో మేనేజరు మాట్లాడాలో తేల్చుకోలేక మూసుకున్నారు.

"నేను ఒప్పుకోనంటే?" అన్నారు మేడమ్, కోపంగా కాదు, కనుక్కోవడానికి.

"అప్పుడు వచ్చే ఏడాది నన్ను ఏ రైతూ పిలవడు. మీరు పిలుస్తారా, పిలవరా, అదేమో బెంగళూరులో ఉంటాది," అంది అక్క. "మూడు రోజులు. నాలుగోనాడు మీ బస్సు పంపియ్యి, ముప్పైమందిమీ ఎక్కుతాం."

మేడమ్ ఒప్పుకున్నారు. కారు బానెట్ మీద ఇండెంట్ పెట్టి సారు సంతకం చేశారు. వేలికి మట్టి అంటుకుని ఉంది, కాగితం మీద ఎర్రటి ముద్ర పడింది. ఆడిట్‌లో ఎవరూ అడగలేదు.

తిరిగి వస్తుంటే అక్క నన్ను పక్కకు పిలిచింది. "మా పేర్లు పోయిన నెల నుంచీ ఎక్కించొచ్చా? కార్డుకు రోజులు కలుస్తాయి."

"కలపలేనక్కా. పని చేయని రోజుకు చందా వేస్తే, అది బయటపడితే, నీ కార్డు కూడా పోతుంది, నేనూ పోతాను."

"నువ్వు పోతే పోతావులే, కార్డు పోకూడదు."

"డిసెంబరు నుంచి మార్చి ఆఖరు దాకా నాలుగు నెలలు. వారానికి ఆరు రోజులు. నువ్వు మానకుండా వస్తే చాలుతాయి. సరిపోయి మిగుల్తాయి."

ఆమె నా మొహంలోకి చూసింది, గింజలో మచ్చ వెదికినట్టు. "లెక్క తప్పితే జూలైలో మా ఆయన్ని తెచ్చి నీ టేబుల్ మీద పండబెడ్తా," అంది. అని చేనిలోకి పోయింది.

నాలుగోనాడు బస్సు ముప్పైమందితో వచ్చింది. బెల్టు మళ్లీ ఎప్పటిలా నడిచింది, మగవాళ్లు వాళ్ల బస్తాల దగ్గరకు సంతోషంగా పోయారు. మరుసటి వారం నేను కూడా రెండు రోజులు సెలవు పెట్టి కంబదూరు పోయాను. చీటీ మీద నిజం రాశాను: చెట్టు పీకాలి. సారు దాన్ని చూసి, "ఇదేం జబ్బప్పా, ఎప్పుడూ వినలేదే," అని సంతకం పెట్టారు.

జనవరిలో మా జిల్లా కాయ లారీలు మొదలయ్యాయి, చెప్పినట్టే. సంక్షోభం రాలేదు. సంక్షోభం రానప్పుడు బడ్జెట్ గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ప్రతి నెలా కాంట్రాక్టర్ బిల్లు పట్టుకుని వచ్చేవాడు. పోయిన నెల పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టిన చలానాలు, వాటిలో ముప్పై పేర్లు, నా హాజరు పట్టీలో ముప్పై పేర్లు సరిపోతేనే బిల్లు కదిలించేవాణ్ణి. అతను కట్టకపోతే చివరికి ఫ్యాక్టరీయే కట్టాలి. ఒక నెల ఒకామె పేరు చలానాలో లేదు. "చిన్న పొరపాటు సార్, వచ్చే నెల కలిపేస్తా," అన్నాడు. "నేనూ వచ్చే నెలే కలిపేస్తా, బిల్లు," అన్నాను. సాయంత్రానికి పేరు ఎక్కింది. అక్క పేరు ఎప్పుడూ పోలేదు. ఒకసారి జ్వరం వచ్చి రెండు రోజులు మానేసింది. నిజం జ్వరం. ఫోన్ చేసి మరీ చెప్పింది: "చేన్ల జ్వరం గాదప్పా. నాకు చేనే లేదు గదా."

మరుసటి ఏడాది బడ్జెట్ షీట్ బెంగళూరు నుంచి వచ్చినప్పుడు, గైర్హాజరు దగ్గర ఏడాది సగటు లేదు. చెట్టు పీకే మూడు వారాలకు వేరే వరస ఉంది, ఆ వారాలు వానను బట్టి జరిపే వీలుతో. వరసకు పేరు "సీజనల్ ఫీవర్." ఎవరు పెట్టారో అడగలేదు.

అంతకు ముందే, జూలైలో ఒక పొద్దున నేను గేటు దగ్గర ఉండగా అక్క వచ్చింది. అప్పుడు ఏరే పని లేదు, సీజన్ కాదు. ఆమె వెనక భర్త ఉన్నాడు, సన్నటి మనిషి, చేతిలో మందుల సంచి. నాకు ఒక్క క్షణం టేబుల్ గుర్తొచ్చింది.

"అక్కా, ఏమైంది?"

"ఏం కాలేదు. డిస్పెన్సరీకి పోయొస్తాండాం. ఇచ్చినారు." సంచి ఎత్తి చూపించింది. "ఈ నెలకు."

"మరి ఇక్కడికి ఎందుకు వచ్చినారు?"

"ఎండకు తాళలేక పోతాండాడు ఈయన. మీ టేబుల్ దగ్గర ఫ్యాన్ ఉంటాది గదా. సాయంత్రం బస్సొచ్చిందాకా కూచుంటాడు."

ఆయన వచ్చి నా కుర్చీలోనే కూర్చున్నాడు. నేను సాయంత్రం దాకా నిలబడి పని చేసుకున్నాను. అది ఓవర్‌టైమ్ కింద రాదు.